చేతిలో డబ్బు తక్కువ, బల్ల మీద బిల్లులు ఎక్కువ: ముందు ఎవరికి చెల్లించాలి?

సరఫరాదారుల బిల్లులు పేరుకుపోయినప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఏ బిల్లు ఎన్ని రోజుల పాతదో చూపే ఏజింగ్ రిపోర్టు తీసి, అన్నిటికన్నా పాత బిల్లు నుంచి చెల్లించడం మొదలుపెడతారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ డబ్బు సగం బిల్లులకే సరిపోతే ఈ పద్ధతిలో దెబ్బ తగలరాని చోట తగులుతుంది. అంతగా తొందరలేని పెద్ద కంపెనీకి డబ్బు వెళ్తుంది, రేపటి ముడిసరుకు ఆగిపోతుంది. బిల్లు వయసు ఒక సమాచారం మాత్రమే. ఈ వారం ఆ బిల్లు కట్టకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ పని ఎలా చేయాలో ఒక చిన్న ముద్రణాలయం లెక్కతో చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవి. చిక్కులు మాత్రం లెక్కల బల్ల ముందు కూర్చున్న ఎవరికైనా ఎదురయ్యేవే. ఈ రోజు జూన్ 30 అనుకుందాం.

ముందు రిపోర్టును శుభ్రం చేయండి

ముద్రణాలయం కంప్యూటర్ నుంచి తీసిన రిపోర్టు మొత్తం బకాయి 9,85,000 అని చూపించింది. అందులో 60 రోజులు దాటినవి 2,60,000. యజమాని కంగారుపడ్డారు. ఆ కంగారు అవసరమా కాదా అని తేల్చడానికి నాలుగు చోట్ల చూడాలి.

మొదటిది, రోజులను ఎక్కడి నుంచి లెక్కించారు? ఆ రిపోర్టు బిల్లు తేదీ నుంచి లెక్కించింది. ప్లేట్ల సరఫరాదారు బిల్లు తేదీ మార్చి 25, అంటే 97 రోజుల పాతది. కానీ అతనితో ఒప్పందం 60 రోజులు. గడువు మే 24న ముగిసింది కాబట్టి నిజంగా ఆలస్యమైనది 37 రోజులే. బైండింగ్ చేసే వారి బిల్లు మే 26 నాటిది. వయసు 35 రోజులే కావడంతో రిపోర్టులో అమాయకంగా కనిపిస్తుంది. అయితే వారి గడువు 15 రోజులు. జూన్ 10కే డబ్బు ఇవ్వాల్సింది, ఇప్పటికే 20 రోజులు ఆలస్యం. బిల్లు వయసు మన పుస్తకాల కోసం, గడువు దాటిన రోజులు ఎదుటివారి ఓపిక కోసం. ఎవరికి కట్టాలో తేల్చేటప్పుడు రెండోదే కావాలి.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పు చేసే వీలు లేకపోతే స్ప్రెడ్‌షీట్ చాలు. C వరుసలో బిల్లు తేదీ, D వరుసలో గడువు రోజులు, H1లో రిపోర్టు తేదీ ఉంచి, E, F వరుసల్లో ఇవి రాయండి:

```
E2:  =C2+D2
F2:  =$H$1-E2
```

F వరుసలో వచ్చిన అంకె సున్నా కన్నా ఎక్కువైతే గడువు దాటినట్టు. ఒక ఒప్పందానికి బిల్లు తేదీ నుంచి కాక సరుకు అందిన తేదీ నుంచి గడువు మొదలవుతుంది, మరోదానికి నెలాఖరు నుంచి. అలాంటి వాటికి గడువు తేదీని చేత్తోనే వేయండి. రిపోర్టు తేదీని కూడా చేత్తోనే వేసి అలాగే ఉంచండి. ప్రతిరోజూ తానే మారే తేదీ పెడితే సోమవారం తీసుకున్న నిర్ణయానికి ఆధారమైన అంకెలు గురువారానికి కనిపించవు.

రెండోది, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందా? రవాణా బిల్లు 70,000 ఒకసారి 2041 అనే నంబరుతో, ఇంకోసారి 02041 అనే నంబరుతో నమోదైంది. రెండూ ఒకటేనని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒకే సరఫరాదారు, ఒకే మొత్తం, దగ్గరి తేదీలు ఉన్న జంటలను వెతికితే ఇలాంటివి దొరుకుతాయి. మొదట మెయిల్‌లో వచ్చిన నకలు, తర్వాత సరుకుతో వచ్చిన అసలు కాగితం వేర్వేరు చేతుల్లో పడినప్పుడు సాధారణంగా ఇలా జరుగుతుంది.

మూడోది, ఇచ్చిన అడ్వాన్సులు, సరఫరాదారులు బాకీ తగ్గిస్తూ ఇవ్వాల్సిన క్రెడిట్ నోట్లు బిల్లులకు సర్దుబాటు అయ్యాయా? ప్లేట్ల వారికి ఫిబ్రవరిలో ఇచ్చిన 40,000 అడ్వాన్సు వేరే ఖాతాలో కూర్చుని ఉంది. తీసివేస్తే వారికి ఇవ్వాల్సింది 1,10,000 కాదు, 70,000.

నాలుగోది రిపోర్టులో దొరకదు, ఎందుకంటే అది రిపోర్టులోనే లేదు. స్టోర్ చూసే వ్యక్తి సొరుగులో జిగురు బిల్లు ఒకటి 30,000కు పడి ఉంది. సరుకు వచ్చి వాడేశారు కూడా, కాగితం మాత్రం లెక్కలకు చేరలేదు. గడువు జూన్ 25నే ముగిసింది. ఇలాంటివి పట్టుకోవాలంటే సరుకు అందిన రసీదుల్లో బిల్లు రానివి ఏవో చూడాలి. ముఖ్యమైన సరఫరాదారులను వారి పుస్తకాల్లో మన ఖాతా ఎలా ఉందో పంపమని కూడా అడగాలి. వారి స్టేట్‌మెంటుకూ మన లెక్కకూ తేడా వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం ఎక్కడో నిద్రపోతోందని అర్థం. ఒక హెచ్చరిక: స్టేట్‌మెంటును చూసి డబ్బు కట్టకండి, బిల్లును చూసే కట్టండి. ఒకే బాకీని రెండుసార్లు చెల్లించడానికి స్టేట్‌మెంటు మీద కట్టడమే దగ్గరి దారి.

ఈ నాలుగూ సరిచేశాక మొత్తం 9,05,000కు తేలింది. ఈ అంకె ప్రధాన ఖాతా పుస్తకమైన జనరల్ లెడ్జర్‌లోని సరఫరాదారుల ఖాతా నిల్వతో సరిపోవాలి. సరిపోకపోతే ముందుకు వెళ్లకండి. గడువు దాటినది 5,55,000. అందులో 30 రోజుల లోపువి 3,35,000, మిగిలిన 2,20,000 31 నుంచి 60 రోజుల మధ్యవి. 60 రోజులు దాటినది ఒక్కటీ లేదు. యజమాని కంగారు కొంత తగ్గింది.

ఇప్పుడు చేతిలో ఎంతుందో నిజాయతీగా లెక్కించండి

బ్యాంకు తెర మీద 6,10,000 కనిపిస్తోంది. అది ఖర్చు పెట్టదగిన డబ్బు కాదు. మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకు చెల్లింపు కోసం రాని చెక్కులు 50,000 ఉన్నాయి. మరునాడు జీతాలు 1,80,000. కరెంటు, పన్ను, అప్పు వాయిదా కలిపి 95,000. ఇవి సరఫరాదారుల వరుసలో నిలబడేవి కావు, ముందే పక్కకు తీయాల్సినవి. అకస్మాత్తుగా ఏదైనా విరిగితే పనికొస్తుందని 40,000 ఉంచుకుంటే మిగిలేది 2,45,000.

జూలై 8న ఒక పాఠశాల నుంచి 2,20,000 రావాలి. దాన్ని ఈ లెక్కలో కలపలేదు. రావాల్సిన డబ్బును వచ్చిన డబ్బుగా లెక్కించి మాట ఇవ్వడం, ఆ తర్వాత మాట తప్పడం ఒకే తప్పుకు రెండు కొసలు. దాన్ని రెండో విడతకు పెట్టుకుందాం.

ప్రతి బిల్లునూ ఒకే ప్రశ్న అడగండి

ఈ వారం కట్టకపోతే ఏమవుతుంది? జవాబు సాధారణంగా మూడు రకాల్లో ఒకటి అవుతుంది. మన పని ఆగుతుంది, లేదా మనకు డబ్బు ఖర్చవుతుంది, లేదా ఎదుటివారి ఇల్లు గడవదు. మూడూ లేకపోతే ఆ బిల్లు ఎంత పాతదైనా ఆగగలదు.

కాగితం సరఫరాదారుకు మూడు బిల్లులు ఉన్నాయి. మొదటిది 1,50,000, గడువు దాటి 41 రోజులు. రెండోది 2,00,000, దాటి 13 రోజులు. మూడోది 1,80,000, గడువు జూలై 12 వరకు ఉంది. మొత్తం 5,30,000. వచ్చే వారం ఇంకో 1,60,000 విలువైన కాగితం రావాలి. ఇక్కడ రెండు తలుపులు ఉన్నాయని గుర్తించాలి. ఒకటి అప్పు పరిమితి: వారు మనకు 5,50,000 దాకా మాత్రమే అరువిస్తారు. రెండోది వయసు పరిమితి: ఏ ఒక్క బిల్లు అయినా గడువు దాటి 45 రోజులైతే వారి కంప్యూటర్ మన ఆర్డర్లను తానే ఆపేస్తుంది. ఆ 45వ రోజు జూలై 4. అమ్మకాలు చూసే వ్యక్తి మనతో ఎంత స్నేహంగా ఉన్నా ఆ ఆపును ఎత్తే అధికారం ఆయనకు ఉండకపోవచ్చు.

మొదటి బిల్లు 1,50,000 కడితే రెండు తలుపులూ తెరుచుకుంటాయి. నిల్వ 3,80,000కు దిగుతుంది, కొత్త ఆర్డరు కలిపినా 5,40,000. అదే డబ్బును ‘మొత్తం బకాయి కింద’ అంటూ వివరం లేకుండా పంపితే వారి గుమాస్తా దాన్ని ఏ బిల్లుకు సర్దుతాడో చెప్పలేం. రెండో బిల్లులో కొంత జమ చేస్తే నిల్వ తగ్గుతుంది, కానీ పాత బిల్లు అలాగే ఉండి జూలై 4న సరఫరా ఆగుతుంది. కాబట్టి ఏ బిల్లుకు ఎంత కట్టారో రాసిన చీటీ ప్రతి చెల్లింపుతోనూ పంపాలి.

మీ ముఖ్యమైన సరఫరాదారులందరి దగ్గరా ఈ రెండు పరిమితులూ ఎంతో అడిగి రాసిపెట్టుకోండి. అడిగితే చెబుతారు. మీరు అడగరు కాబట్టే వారూ చెప్పరు.

బైండింగ్ చేసేది ఇద్దరు మనుషుల చిన్న పనిశాల. 45,000, దాటి 20 రోజులు. వారికి ఇది ఒక నెల జీతాల డబ్బు కావచ్చు. వారు పని ఆపుతామని బెదిరించరు. నిశ్శబ్దంగా ఇంకొకరి పనిని ముందు చేస్తారు. అప్పుడు మన పుస్తకాలు ఆలస్యమవుతాయి, కారణం మాత్రం మనకు తెలియదు. ఇలాంటి చిన్నవారికి ముక్కలుగా కాకుండా మొత్తం ఒకేసారి కట్టేయాలన్నది నా అభిప్రాయం. పెద్దవారికి ఇవ్వాల్సిన డబ్బులో ఇది చిన్న భాగం, వారికి మాత్రం చాలా పెద్దది. పైగా ఒక పేరు జాబితా నుంచి పూర్తిగా పోతుంది.

యంత్రాలు మరమ్మతు చేసే సంస్థ 60,000 అడుగుతోంది, గడువు దాటి 30 రోజులు. కానీ ఒకే రోలర్ మార్పును రెండుసార్లు వేశారు, అందులో 25,000 మనం ఒప్పుకోలేదు. వివాదం ఉన్నంత మాత్రాన మొత్తం బిల్లును ఆపకండి. ఒప్పుకున్న 35,000 వేరు, ఒప్పుకోని 25,000 వేరు అని రిపోర్టులో రెండు వరుసలు చేయండి. ఎందుకు ఒప్పుకోవడం లేదో ఈ రోజే రాసి పంపండి. 30 రోజులు మౌనంగా ఉండి, డబ్బు అడిగిన రోజు తప్పు వెతికితే దాన్ని ఎవరైనా సాకు అనే అనుకుంటారు.

రవాణా బిల్లు 70,000, గడువు రేపే. అసలు చిక్కు ఇక్కడుంది. జూలై 6న పాఠశాలకు పుస్తకాలు చేరవేయాల్సింది ఈ లారీలే. అవి రాకపోతే జూలై 8 నాటి 2,20,000 రాదు. వయసు చూస్తే జాబితాలో చివర, పర్యవసానం చూస్తే పైన. అయితే ఇంతవరకు వారికి ఎప్పుడూ ఆలస్యం చేయలేదు కాబట్టి ముందుగా అడిగితే వారం రోజులు ఆగుతారు.

జిగురు బిల్లు 30,000, దాటి 5 రోజులు. ఆలస్యం పూర్తిగా మన సొరుగు చేసిన పని. ప్లేట్ల 70,000 పెద్ద కంపెనీది. అవే ప్లేట్లు ఇంకో ఇద్దరి దగ్గర దొరుకుతాయి. ఆలస్యానికి నెలకు 1.5 శాతం వడ్డీ వేస్తామని ఒప్పందంలో ఉంది. అంటే నెలకు 1,050, వారానికి సుమారు 245.

తగ్గింపు ఆశ చూపే బిల్లు

సిరా బిల్లు 1,00,000, జూన్ 22 నాటిది. 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే 30 రోజుల్లో పూర్తిగా కట్టాలి. జూలై 2లోగా 98,000 కడితే సరిపోతుంది. ఈ 2 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ కట్టకుండా ఆగితే 98,000ను 20 రోజులు వాడుకున్నందుకు 2,000 ఇస్తున్నట్టు. ఏడాదికి లెక్కవేస్తే:

```
(2/98) × (365/20) = 0.372
```

అంటే 37 శాతం పైన. మనకు 14 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్‌లో చోటుంటే 98,000ను 20 రోజులకు తీసుకోవడానికి అయ్యే ఖర్చు సుమారు 752. 752 ఖర్చు పెట్టి 2,000 మిగుల్చుకోవడం మంచి బేరమే. కానీ ఈ ముద్రణాలయానికి ఓవర్‌డ్రాఫ్ట్ అప్పటికే నిండిపోయింది. కాబట్టి సిరాకు 98,000 పెట్టాలంటే కాగితం డబ్బులోంచే తీయాలి. 2,000 మిగిల్చి ముద్రణ ఆపుకోవడం ఎవరూ చేయరు, అయినా తగ్గింపు ఆఖరి తేదీ ఎర్ర అక్షరాల్లో కనిపిస్తే చేయి అటు లాగుతుంది. వదిలేయాలి. ప్లేట్ల వడ్డీతో కూడా పోల్చి చూడండి. అక్కడ ఆలస్యం ఏడాదికి సుమారు 18 శాతం ఖర్చు. నొప్పే కానీ ఈ వారం భరించగలిగే నొప్పి.

ఈ వారం నిర్ణయం

కాగితం రెండో, మూడో బిల్లులనూ ఒప్పుకోని 25,000నూ పక్కన పెట్టి, సిరాను తగ్గింపుతో లెక్కించినా మిగతావన్నీ కట్టాలంటే 4,98,000 కావాలి, ఉన్నది 2,45,000. చివరికి ఇలా తేలింది.

| బిల్లు | మొత్తం | గడువు దాటిన రోజులు | నిర్ణయం |
|---|---|---|---|
| కాగితం, మొదటిది | 1,50,000 | 41 | ఇప్పుడే |
| బైండింగ్ | 45,000 | 20 | ఇప్పుడే |
| జిగురు | 30,000 | 5 | ఇప్పుడే |
| రవాణా | 70,000 | గడువు రేపు | జూలై 9, ఈ రోజే ఫోను |
| మరమ్మతు, ఒప్పుకున్నది | 35,000 | 30 | జూలై 9, వివాదం రాతపూర్వకంగా |
| ప్లేట్లు | 70,000 | 37 | జూలై 9, వడ్డీ భరించి |
| సిరా | 1,00,000 | గడువు కాలేదు | తగ్గింపు వదిలి జూలై 22 |

ఇప్పుడు వెళ్లేది 2,25,000, మిగిలేది 20,000. జిగురుకు బదులు మరమ్మతు వారికి ముందు ఇవ్వాలని మీరు వాదించవచ్చు, ఆ వాదన తప్పూ కాదు. యంత్రం తరచూ ఆగే చోట నేనూ అలాగే చేస్తాను. ఇక్కడ తర్వాతి సర్వీసు జూలై 15న ఉంది, జిగురు నిల్వ మాత్రం వారానికే సరిపోతుంది. మిగిలిన 20,000ను ముగ్గురికి పంచి అందరినీ కొంచెం కొంచెం తృప్తిపరచాలనిపిస్తుంది. అలా చేస్తే ఎవరూ తృప్తిపడరు, లెక్కలో మూడు సగం బిల్లులు మిగులుతాయి.

పాఠశాల డబ్బు వస్తే 2,40,000 అవుతుంది. రవాణా, మరమ్మతు, ప్లేట్లు కలిపి 1,75,000 పోగా 65,000 ఉంటుంది. కాగితం రెండో బిల్లుకు 45 రోజుల హద్దు ఆగస్టు 1. దాన్ని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోవాలి. కొత్త ఆర్డరు వచ్చాక కాగితం అప్పు పరిమితిలో 10,000 చోటే మిగులుతుంది కనుక జూలైలో మరో ఆర్డరు కావాలంటే ఆ బిల్లును హద్దుకన్నా ముందే కట్టాల్సి రావచ్చు.

ఫోను ఎప్పుడు, ఎలా చేయాలి

కట్టలేని ముగ్గురికీ ఫోను గడువుకు ముందు, లేదా కనీసం వారు చేయకముందే వెళ్లాలి. రవాణా వారితో ఇలా మాట్లాడవచ్చు: “నమస్కారమండీ. రేపటి 70,000 రేపు ఇవ్వలేకపోతున్నాం. 9వ తేదీన మొత్తం ఒకేసారి వేస్తాం. 6వ తేదీ లోడు మాత్రం మాకు తప్పనిసరి, దానికి ఇబ్బంది ఉంటే ఇప్పుడే చెప్పండి.” ఇందులో మొత్తం ఉంది, తేదీ ఉంది, మనకు కావాల్సింది ఉంది. ‘త్వరలో చూస్తాం’, ‘వచ్చే వారం ప్రయత్నిస్తాం’ అన్న మాటలు లేవు. పాఠశాల డబ్బు 8న రావాల్సి ఉంటే 9 అని చెప్పడం దగ్గరగానే ఉంది. ఆ పాఠశాలకు ఆలస్యం చేసే అలవాటుంటే 12 అని చెప్పండి. 12 అని చెప్పి 10న వేసిన వారిని గుర్తుపెట్టుకుంటారు. 9 అని చెప్పి 10న వేసిన వారినీ గుర్తుపెట్టుకుంటారు, కానీ వేరేలా. 8వ తేదీ సాయంత్రానికి డబ్బు రాలేదా, అప్పుడే మళ్లీ ఫోను చేయాలి, 9 దాటేదాకా ఆగకూడదు.

ఇలాంటి రోజుల్లోనే మోసగాళ్ల మెయిళ్లు పనిచేస్తాయి. ‘మా బ్యాంకు ఖాతా మారింది, బకాయి ఇందులో వేయండి’ అని కాగితం వారి పేరుతో ఉత్తరం వస్తే, ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకు కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి అడగండి. అంతవరకు ఆ చెల్లింపు ఆగాలి, ఎంత తొందరైనా సరే.

ఈ పద్ధతి పనిచేయని చోటు

ఇదంతా డబ్బు కొన్ని వారాలు వెనకబడిన వ్యాపారానికి. ప్రతి వారం కట్టినదానికన్నా కొత్తగా గడువు దాటేది ఎక్కువైతే అది వరుస నిర్ణయించే సమస్య కాదు, వ్యాపారం అప్పులు తీర్చగలదా అన్న సమస్య. ఆ స్థితిలో కొందరికే ఎంచి కట్టడం చాలా దేశాల దివాలా చట్టాల కింద తర్వాత ప్రశ్నకు గురికావచ్చు, కట్టిన డబ్బును వెనక్కి రాబట్టే అవకాశమూ ఉంటుంది. అక్కడికి చేరుతున్నామని అనిపిస్తే ముందు న్యాయవాదిని కలవండి. అలాగే చిన్న సరఫరాదారులకు ఆలస్యంగా కడితే చట్టమే వడ్డీ వేసే చోట్లున్నాయి. ఒప్పందంలో వడ్డీ మాట లేనంత మాత్రాన ఆలస్యం ఉచితమని అనుకోవద్దు.

వచ్చే సోమవారం ఇదే రిపోర్టును కొత్త తేదీతో మళ్లీ తీసేటప్పుడు ఒక నిలువు వరుస అదనంగా చేర్చండి: ఈ బిల్లును ఇప్పటికి ఎన్నిసార్లు వాయిదా వేశాం? ప్రతి వారం ‘వీరు ఆగగలరు’ అనే కారణంతో ప్లేట్ల కంపెనీయే వెనక్కి పోతుంటుంది. ఆ వరుసలో 3 కనిపించిన రోజు ఆ బిల్లును మిగతావాటితో పోల్చకండి, పైకి తెచ్చి కట్టేయండి. ప్లేట్లు ఇంకో ఇద్దరి దగ్గర దొరుకుతాయన్నది నిజమే. కానీ ఆ ఇద్దరూ అరువు ఇవ్వడానికి ముందు పాత సరఫరాదారుకే ఫోను చేసి మన గురించి అడుగుతారు.